గండి పడలేదు, కొట్టారు

ఆ నివేదిక ముసాయిదా నా దగ్గరకి వచ్చినప్పుడు ఇరవై రెండు పేజీలుంది. నేను దిద్ది పంపేటప్పటికి పందొమ్మిది పేజీలయింది. మూడు పేజీల చెత్త తీసేశానన్న తృప్తితో ఆ సాయంత్రం తాడేపల్లిగూడెంలో మా ఇంటి మేడ మీద కూర్చుని కాఫీ తాగిన సంగతి నాకు బాగా గుర్తు. ఆ తృప్తి గురించే ఇక్కడ రాయాలనుకుంటున్నాను.

రాసినామె మా బృందంలో అందరికంటే చిన్నది. కొల్లేటి లంక గ్రామాల్లో ఒకదానిలో పుట్టి పెరిగింది. 2006 వేసవిలో ప్రభుత్వం కొల్లేటిలోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించినప్పుడు ఊరి బడిలో చదువుకుంటోంది. ఆ తర్వాత లంక గ్రామాల ఆడవాళ్ళ పనిపాటలు ఎలా మారాయన్నది నివేదిక విషయం. నేను సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. చేపల గురించి నాకు తెలిసింది వండుకోవటం వరకే. అయినా 'మీకు భాష వచ్చు కదా' అని నివేదికలన్నీ చివర్లో నా చేతికే వస్తాయి. భాష వచ్చినవాళ్ళ చేతిలో ఎంత అధికారం ఉంటుందో భాష వచ్చినవాళ్ళు చాలా ఆలస్యంగా తెలుసుకుంటారు.

ఆమె ముసాయిదాలో ఒక వాక్యం ఇలా ఉంది: 'మా చెరువు గట్టుకి మూడు చోట్ల గండ్లు కొట్టారు, చేప అంతా కొల్లేట్లో కలిసిపోయింది.' దాన్ని నేనిలా మార్చాను: 'గ్రామస్తుల చెరువు గట్టుకు మూడు చోట్ల గండ్లు పడటంతో చేపలు సరస్సులో కలిసిపోయాయి.' కంప్యూటర్‌లో మార్పులు ఎర్రగా కనిపిస్తాయి కదా, పేజీ నిండా అలాంటి ఎరుపే. ఒప్పుకోవటానికీ తోసిపుచ్చటానికీ ఒక్కొక్క మార్పు దగ్గర అవకాశం ఉంటుంది. రెండు రోజుల్లో ఫైలు తిరిగొచ్చింది. అన్నీ ఒప్పుకుంది. 'థాంక్యూ మేడం, చాలా బాగా వచ్చింది' అని రాసింది.

అన్నీ ఒప్పుకోవటం దగ్గరే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

మా పద్ధతి ప్రకారం నివేదిక ఖరారు చేసేముందు ఆ ఊళ్ళో ఆడవాళ్ళని కూర్చోబెట్టి చదివి వినిపిస్తాం. నేనూ వెళ్ళాను. ఉదయం రైలెక్కి పూళ్ల, భీమడోలు దాటి ఏలూరులో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో లంకకి. సామాజిక భవనం వరండాలో పదిహేనుమంది దాకా వచ్చారు. ఆమె చదువుతోంది. తన ఊళ్ళో, తనవాళ్ళ మధ్య కూర్చుని చదువుతున్న అమ్మాయి మాటిమాటికీ తడబడుతోంది. కాసేపటికి నాకర్థమయింది, నేను మార్చిన వాక్యాల దగ్గరే నోరు తిరగటం లేదు. 'గండ్లు పడటంతో' అన్నచోట ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది. 'మా గట్టుకి గండి పడలేదమ్మా. కొట్టారు' అంది.

డెల్టాలో ఈ రెండు మాటల తేడా చిన్నపిల్లలకి కూడా తెలుసు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లన్నీ వచ్చి అందులో పడతాయి. ఆ నీరంతా సముద్రానికి పోవలసిన దారి ఉప్పుటేరు ఒక్కటే. వరదొస్తే గట్లకి గండ్లు పడతాయి. అది దేవుడి ఖాతాలో పోతుంది, లేదా వానాకాలం ఖాతాలో పోతుంది. గండి కొట్టడం మనిషి చేసే పని. కొట్టినవాడుంటాడు, కొట్టించినవాడుంటాడు, ఒక ఉత్తర్వు ఉంటుంది, ఒక తేదీ ఉంటుంది. నేను క్రియని మార్చి ఆ మనుషులందర్నీ వాక్యంలోంచి పంపించేశాను. ఎందుకు మార్చానో నాకు తెలుసు. 'కొట్టారు' అన్నమాట ఆవేశంగా, ఒక పక్షం తీసుకున్నట్టుగా అనిపించింది. నివేదిక తటస్థంగా ఉండాలి కదా అనుకున్నాను. కానీ 'పడ్డాయి' అన్నది తటస్థం కాదు, అబద్ధం. తటస్థంగా ఉన్న మాట ఆమె రాసిందే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను, ఆ మార్పు తప్పని నీకు తెలియదా అని. 'తెలుసు మేడం' అంది. మరెందుకు ఒప్పుకున్నావంటే కాసేపు కిటికీలోంచి చూసి, 'దోనెని కూడా పడవ అని మార్చారు కదా మేడం' అంది. తాటి మానుని తొలిచి చేసేది దోనె. నా దృష్టిలో అది మాండలికం, పడవ ప్రామాణికం. ఆమె దృష్టిలో అవి రెండు వేరు వస్తువులు. మొదటి పేజీలోనే దోనె పడవ అయిపోయాక ఇక మిగతా వాటి గురించి వాదించటం అనవసరం అనుకుందట. ఎవరి నివేదికో అప్పుడే తేలిపోయింది.

నా సిద్ధాంతవ్యాసాన్ని దిద్దినవారు ఎర్ర సిరా వాడేవారు. ఆయన దిద్దిన తర్వాత నా వాక్యాలు ఆయన వాక్యాల్లా ఉండేవి. అందరూ మెచ్చుకునేవారు. ఆ కోపం నాలో ఇప్పటికీ ఉంది. స్త్రీల రచనల్ని మగ సంపాదకులు ఎలా కత్తిరించారో తరగతుల్లో చెప్పేటప్పుడు నా గొంతులో ఆ కోపమే పలుకుతుంది. ముద్దుపళని 'రాధికా సాంత్వనం' ముందు అచ్చయిన ప్రతిలో ఆమె పీఠిక, కొన్ని పద్యాలు లేకపోవటం చూసి బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి ప్రతి ప్రచురించిన కథ నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. తీసేసినవాళ్ళు కూడా పుస్తకానికి మేలు చేస్తున్నామనే అనుకుని ఉంటారన్నది మాత్రం ఆ బస్సులో కూర్చున్న రోజు దాకా నాకు తట్టలేదు.

ఇక్కడితో ఆపేస్తే కథ సులువుగా ఉంటుంది. పెద్దది తప్పు చేసింది, చిన్నది ఒప్పు, ఇక ఎవరి రాత జోలికీ పోకూడదు అని. నాకలా అనిపించలేదు. ఎందుకంటే ఆ ముసాయిదాలో నిజంగా దిద్దాల్సినవి ఉన్నాయి. నేను శైలి దిద్దే హడావిడిలో వాటిని సగం చూడనేలేదు.

ఉదాహరణకి ఒకచోట '2006లో సుప్రీంకోర్టు కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది' అని రాసింది. అది తప్పు. అభయారణ్యంగా ప్రకటించింది రాష్ట్ర ప్రభుత్వం, 1999 అక్టోబరులో, 120వ నంబరు జీవోతో. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా ఉన్న ప్రాంతాన్ని, అంటే ఊళ్ళో అందరూ 'ఐదో కాంటూరు' అనేదాన్ని, 308 చదరపు కిలోమీటర్లని అందులో చేర్చింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ 2006లో సిఫారసులు చేశాక, కోర్టు ఆదేశాలతో గట్లు తెగ్గొట్టే పని జరిగింది. ఇంకోచోట కొల్లేరు విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లని, నాలుగు పేజీల తర్వాత 308 అని రాసింది. మొదటిది 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన చిత్తడి నేల విస్తీర్ణం, రెండోది అభయారణ్యం హద్దు. రెండూ నిజమే, కానీ ఏది దేని లెక్కో చెప్పకపోతే చదివేవాళ్ళు ఈమె దేన్నీ సరిచూసుకోలేదనుకుంటారు. అప్పుడు ఆ పెద్దావిడ చెప్పిన మాటని కూడా నమ్మరు.

ఇలాంటి చోట మెత్తగా ప్రశ్నలడగటం నాకిప్పుడు కపటంగా అనిపిస్తుంది. '1999 అని విన్నట్టు గుర్తు, ఒకసారి చూస్తావా?' అని రాయటం మర్యాదలా కనిపిస్తుంది గానీ తెలిసిన విషయాన్ని దాచి ఆడుకోవటమే. తప్పు తప్పని, ఒప్పు ఇదని, ఎక్కడ దొరుకుతుందో సూటిగా రాసెయ్యాలి. తేదీకి గొంతు ఉండదు. పైగా ఈ తప్పు చిన్నది కాదు. 1999కీ 2006కీ మధ్య ఏడేళ్ళున్నాయి. అభయారణ్యమని ప్రకటించాక కూడా ఆ ఏడేళ్ళూ చెరువులు ఉన్నాయి, కౌళ్ళు నడిచాయి, డబ్బు చేతులు మారింది. ఆ ఏడేళ్ళు ఆమె నివేదికలోంచి ఎగిరిపోయాయి. ఎవరు ఊరుకున్నారు, ఎందుకు ఊరుకున్నారు అన్న ప్రశ్న కూడా వాటితోపాటే పోయింది.

రెండోసారి దిద్దటానికి కూర్చున్నప్పుడు కంప్యూటర్ తియ్యలేదు. ఆమె మొదటి ముసాయిదాని, ఆ ఇరవై రెండు పేజీలనీ అచ్చుతీసి, పెన్ను పట్టుకోకుండా మొదట్నుంచి చివరిదాకా చదివాను. ఇది చెప్పినంత తేలిక కాదు, చెయ్యి లాగుతూనే ఉంటుంది. చదివాక ఈ నివేదిక ఏం చెబుతోందని నాకర్థమయిందో మూడు వాక్యాల్లో రాసి ఆమెకి పంపాను. 'గట్లు తెగ్గొట్టాక మగవాళ్ళు వలసపోయారు, ఆడవాళ్ళ మీద భారం పెరిగింది, ప్రత్యామ్నాయ ఉపాధి కల్పించాలి' అని. ఆమె జవాబు ఒక్క లైను: 'మొదటి రెండూ సరే మేడం, మూడోది నేను రాయలేదు.' వెతికి చూశాను. నిజమే, ఆమె ఎక్కడా రాయలేదు. నివేదికలన్నీ అలాగే ముగుస్తాయని నేనే ఊహించుకున్నాను. మొదటిసారి నేను తీసేసిన మూడు పేజీలూ నా ఊహలోని ఆ ముగింపుకి పనికిరానివి. అంటే నేను దిద్దింది నా బుర్రలోని నివేదికని.

ఆ తీసేసిన పేజీల్లో ఏముందంటే, కౌలు డబ్బు పంపకం. 1970లలో లంక గ్రామాల్లో మత్స్యకారుల, దళితుల సహకార సంఘాలకి కొల్లేట్లో చేపల చెరువులు ఇచ్చారు. పెట్టుబడి లేక సంఘాలు వాటిని బయటివాళ్ళకి కౌలుకివ్వటం, ఏడాదికోసారి ఇంటింటికీ వాటా పంచుకోవటం చాలాచోట్ల జరిగిందే. ఆ పంపకం రోజు ఊరెలా ఉండేదో, చిన్నప్పుడు తనేం చూసిందో ఆమె రెండున్నర పేజీలు రాసింది. నేను పక్కన 'వ్యక్తిగతం, నివేదికకి అవసరం లేదు' అని రాసి కొట్టేశాను. స్త్రీవాదం నేర్చుకున్న చేత్తోనే రాశానా మాట.

ఇక ఆ 'మా' సంగతి. 'మా చెరువు'ని 'గ్రామస్తుల చెరువు' చెయ్యటం తప్పని తెలిశాక, మొదట దాన్ని అలాగే ఉంచేద్దామనుకున్నాను. ఆమె ఊరు, ఆమె మాట. కానీ ఎన్నిసార్లు చదివినా అక్కడేదో తట్టుకుంటోంది. 'మా'ని గౌరవించటమంటే దాన్ని వదిలెయ్యటమేనా? చివరికి మార్జిన్లో ఒక్క ప్రశ్న రాశాను: 'ఈ "మా"లో ఎవరెవరున్నారు?' అంతే. జవాబు నాకు నిజంగా తెలియదు. నాకు తెలిసిన విషయాన్ని ప్రశ్నగా మార్చి అడగటం వేరు, తెలియక అడగటం వేరు. ఎదుటివాళ్ళకి ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఆమె మూడు వారాలు ఫైలు పంపలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. సంఘం సభ్యుల జాబితా చూడటానికి వెళ్ళిందట. వాళ్ళ ఊరి సంఘం జాబితాలో ఆడవాళ్ళ పేర్లు దాదాపు లేవు. ఉన్న ఒకరిద్దరూ భర్త చనిపోయాక ఎక్కినవాళ్ళు. వాటా డబ్బు మగవాళ్ళ చేతికి వచ్చేది. మరి ఆడవాళ్ళు పోగొట్టుకున్నదేమిటి? అదే ప్రశ్న పట్టుకుని మళ్ళీ ఆ వరండాలో వాళ్ళనే కలిసింది. చేప పట్టుబడి రోజుల్లో దొరికే కూలి పోయిందన్నారు కొందరు. ఆ గండి కొట్టారన్న పెద్దావిడ మాత్రం ఇంకో మాట చెప్పింది. చెరువు తనదెప్పుడూ కాదని, చెరువులు రాకముందు కొల్లేరు మాత్రం తనదని. మోకాటిలోతు నీళ్ళలోకి దిగి చేతికి దొరికిన చేప పట్టుకుని, గంపలో పెట్టుకుని అమ్ముకోటానికి ఎవర్నీ అడగక్కర్లేదట అప్పుడు. గట్లు వేశాక కాపలావాడొచ్చాడు. 'గట్టు కొట్టిన్నాడు ఏడిశాను. గట్టు ఏసిన్నాడు ఏడవాలని తెలీలేదు' అందట.

ఈ వాక్యంతో నివేదిక మొత్తం తిరగబడింది. 2006 ముందు బాగుంది, తర్వాత పాడయింది అన్న గీత చెరిగిపోయింది. ఆమె 'మా'ని తీసెయ్యలేదు. మొదటి అధ్యాయంలో 'మా చెరువు' అలాగే ఉంది. మూడో అధ్యాయానికి వచ్చేసరికి ఆ 'మా' తనని తనే ప్రశ్నించుకుంటుంది. నేను దాన్ని 'గ్రామస్తుల' చేసి ఉంటే ప్రశ్నించటానికి అక్కడ ఎవరూ మిగిలేవారు కాదు. మా నాన్నకి వాటా వచ్చేది, మా అమ్మకి రాలేదు అని ఆమె రాసుకున్న వాక్యం నేను రాయగలిగింది కాదు, సూచించగలిగింది కూడా కాదు.

అయితే ఆ పెద్దావిడ మాట నివేదికలోకి మొదట వచ్చిన తీరు వేరు. ముసాయిదాలో ఆమె ఇలా రాసింది: 'గట్టు ధ్వంసం చేసిన రోజు విలపించాను, కానీ గట్టు నిర్మించిన రోజే విలపించవలసి ఉందని గ్రహించలేకపోయాను.' చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను ఆమెకి చేసింది ఆమె ఆ పెద్దావిడకి చేసింది. అదీ నాకోసం చేసింది, మేడం ఎలాగూ మారుస్తుంది కదా, ముందే మార్చేద్దామని. పైవాళ్ళు దిద్దే తీరు కిందికి ఇలా దిగుతుంది. నా అధికారం ఆమెతో ఆగదు, ఆమె ఎవరి మాట రాస్తోందో వాళ్ళ దాకా వెళుతుంది. ఆ రికార్డింగు ఉందా అని అడిగాను. ఫోన్లో ఉంది. ఇద్దరం ఇయర్‌ఫోన్లు చెరొకటి పెట్టుకుని విన్నాం.

తర్వాత ఒక చిక్కొచ్చింది. విన్నది విన్నట్టు అక్షరాల్లో పెడదామంది. 'ఏడిశాను', 'ఏసిన్నాడు', 'సూసాం', అన్నీ. నాకు భయం వేసింది. మన పత్రికల్లో, సినిమాల్లో పేద ఆడవాళ్ళ మాటకి మాత్రమే యాస అక్షరాల్లో కనిపిస్తుంది. మేమిద్దరం మాట్లాడే మాటని అలా విరిచి రాస్తే మేమూ అంతే వింతగా కనిపిస్తాం, కానీ మమ్మల్ని ఎవరూ అలా రాయరు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడి స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఇద్దరం మళ్ళీ తీసి చూశాం. మాట్లాడిన మాటని అచ్చులోకి తేవటమంటే ప్రతిచోటా ఎంచుకోవటమే, ఎంచుకోని రాత అంటూ ఉండదు. నా అభిప్రాయం, వాక్యం నడకని, మాటల్ని, వరసని ముట్టుకోకుండా, స్పెల్లింగ్ మాత్రం మామూలుగా రాద్దామని. 'ఏడ్చాను' అన్నా ఆ వాక్యం చెడదు, 'విలపించాను' అంటేనే చచ్చిపోతుంది. ఆమె ఒప్పుకోలేదు. 'ఆవిడ మాట ఆవిడకి చదివి వినిపిస్తే తనది అనుకోవాలి మేడం' అంది. నేను నా కారణం రాసి వదిలేశాను. ఆమె తన పద్ధతిలోనే ఉంచింది. అందుకే పైన నేనూ అలాగే రాశాను. ఇప్పటికీ నాదే సరయినదని నా నమ్మకం.

ఒక్కచోట మాత్రం నేను ప్రశ్నా అడగలేదు, అభిప్రాయమూ చెప్పలేదు, కొట్టేశాను. కౌలుదారు ఒకరి పేరు రాసి, ఆయన వాటా ఎగ్గొట్టాడని ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడి ఒక పేరా రాసింది. రెండో సాక్ష్యం లేదు, కాగితం లేదు. చెప్పినావిడ ఆ కౌలుదారు దగ్గరే ఇప్పటికీ పనికి పోతోంది. నివేదిక అచ్చయితే మేము తాడేపల్లిగూడెంలో ఉంటాం, ఆవిడ ఆ ఊళ్ళోనే ఉంటుంది. ఆ పేరా తీసేసి, ఎందుకు తీశానో నాలుగు వాక్యాల్లో రాశాను. 'ఇది సూచన కాదు, నిర్ణయం, నాది' అని కూడా రాశాను. నిర్ణయాన్ని సూచన ముసుగులో పెట్టడం కంటే అదే నయమనిపించింది. ఆమెకి నచ్చలేదు. నచ్చాలని నేనూ అనుకోలేదు.

చివరి ప్రతి ఇరవై ఆరు పేజీలయింది. నేను మార్జిన్లో రాసినవి ముప్పై దాకా ఉంటే, సగం పక్కన ఆమె జవాబులు రాసింది. కొన్నిటి పక్కన 'సరే' అని, కొన్నిటి పక్కన 'మళ్ళీ అడిగి వస్తాను' అని. పదకొండో పేజీలో దోనె అన్న మాట కింద, ఏలూరు పాఠకులకే తెలియదు, బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది, ఒక వాక్యం వివరణ పెడతావా అని అడిగాను. పెన్సిల్‌తో ఒక దోనె బొమ్మ గీసి పంపింది. కింద 'పడవ కాదు' అని రాసింది.